పౌచ్, గమ్, సిగరెట్: నికోటిన్ ఒకటే, ప్రమాదం ఒకటి కాదు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. గాజువాకలో ఉంటాను, ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. చాలా ఏళ్లుగా రోజుకు 14 సిగరెట్ల దాకా కాల్చేవాణ్ణి, లేవగానే టీతో ఒకటి పడాల్సిందే. గల్ఫ్‌లో ఉండే మా బావమరిది పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పౌచ్ డబ్బాలు తెచ్చి ఇచ్చాడు. ఒక్కో పౌచ్‌లో 10 మిల్లీగ్రాములని రాసి ఉంది. ఇప్పుడు డ్యూటీలో రోజుకు ఆరు పౌచ్‌లు వాడుతున్నాను, సిగరెట్లు ఐదుకు తగ్గాయి. అంతకుముందు మందుల షాపులో 2 మిల్లీగ్రాముల గమ్ కొని వాడాను గానీ ఎక్కిళ్లు, గుండెల్లో మంట వచ్చి మానేశాను. పొగ లేదు కాబట్టి పౌచ్ వల్ల ఏ హానీ లేదని బావమరిది అంటాడు. పేరు మారిన ఖైనీయేనని నా భార్య అంటుంది. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. నేను ఏది వాడాలి?

సమాధానం: ముందుగా మిగిలిన ఆ ఐదు సిగరెట్ల గురించే మాట్లాడాలి, ఎందుకంటే మీ గుండెకు ఇవాళ ఉన్న ప్రమాదంలో పెద్ద భాగం వాటి నుంచే వస్తోంది. పద్నాలుగు ఐదయ్యాయి కాబట్టి ప్రమాదం కూడా మూడో వంతుకు పడిపోయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది గానీ, గుండె, మెదడు రక్తనాళాల విషయంలో నడవదు. అనేక అధ్యయనాలను కలిపి 2018లో వెలువడిన ఒక విశ్లేషణలో, రోజుకు ఇరవై సిగరెట్లు కాల్చేవారికి గుండెజబ్బు విషయంలో ఎంత అదనపు ప్రమాదం ఉంటుందో, అందులో దాదాపు సగం రోజుకు ఒక్కటి కాల్చేవారికి కూడా ఉంటుందని తేలింది. రక్తనాళాల లోపలి పొరను గాయపరచడానికీ, రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టే గుణం పెరగడానికీ కొద్దిపాటి పొగే చాలు. ఆపై ఎన్ని కాల్చినా ప్రమాదం పెరుగుతుంది గానీ, మొదటి మెట్టు ఒకటి రెండు సిగరెట్లతోనే ఎక్కేస్తాము. దిగేటప్పుడు కూడా అంతే: ఐదుకు తగ్గించినంత మాత్రాన గుండెకు పెద్దగా ఊరట ఉండదు, సున్నాకు తెస్తేనే ఉంటుంది. పూర్తిగా మానిన వారిలో ఏడాది గడిచేసరికి సిగరెట్ వల్ల వచ్చిన అదనపు గుండెజబ్బు ప్రమాదం సుమారు సగానికి తగ్గుతుంది.

ఇలా ఎందుకో తెలియాలంటే సిగరెట్‌లో చంపేది ఏదో, పట్టి ఉంచేది ఏదో విడదీసి చూడాలి. పొగాకు మండినప్పుడు ఏడు వేలకు పైగా రసాయనాలు పుడతాయి, వాటిలో కనీసం డెబ్బై క్యాన్సర్ కారకాలు. కార్బన్ మోనాక్సైడ్ ఎర్ర రక్తకణాలను పట్టుకుని గుండెకు అందవలసిన ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. తారు, సూక్ష్మమైన మసి కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. నికోటిన్ చేసేది వేరే పని. పొగతో పాటు అది పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరుతుంది, ఆ వేగమే మనిషిని మళ్లీ మళ్లీ అగ్గిపెట్టె దగ్గరికి తీసుకువెళుతుంది. క్యాన్సర్ కారకాల జాబితాలో నికోటిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చలేదు. కాబట్టి పొగ లేని నికోటిన్‌కు పూర్తిగా మారిన మనిషికి, పొగ తాగే మనిషి కంటే ప్రమాదం చాలా తక్కువన్న మాట నిజమే. మీ బావమరిది మాటలో అంతవరకు తప్పు లేదు. అయితే అది పూర్తిగా మారిన వారికి వర్తించే మాట. మీరు మారలేదు, ఒకదానిపై ఇంకొకటి కలిపారు.

ఎంత కలిపారో లెక్క వేసి చూద్దాం. ఒక సిగరెట్ నుంచి శరీరంలోకి చేరే నికోటిన్ సుమారు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. కనుక పద్నాలుగు కాల్చిన రోజుల్లో మీకు రోజుకు 14 నుంచి 21 మిల్లీగ్రాములు అందేది. ఇప్పుడు ఐదు సిగరెట్ల నుంచి 5 నుంచి 7.5 వస్తోంది. పౌచ్‌ను పెదవి కింద అరగంటో గంటో ఉంచితే అందులోని నికోటిన్‌లో దాదాపు సగం బయటికి వస్తుందని అనుకుంటే, 10 మిల్లీగ్రాముల పౌచ్‌లు ఆరింటి నుంచి 30 మిల్లీగ్రాములు నోట్లోకి వస్తాయి. అందులో లాలాజలంతో మింగేసిన భాగంలో ఎక్కువ పాలు కాలేయంలోనే విరిగిపోతుంది. అంత తీసివేసినా, మీ శరీరానికి ఇవాళ అందే నికోటిన్ వెనకటి కంటే తక్కువ కాదు, బహుశా ఎక్కువే. సిగరెట్లు తగ్గాయి, వ్యసనం తగ్గలేదు. డ్యూటీలో పొగ తాగడానికి వీలులేని ఎనిమిది గంటలు ఒకప్పుడు మీకు నికోటిన్ విరామంగా ఉండేవి. ఆ విరామాన్ని పౌచ్ నింపేసింది. షిఫ్టు దిగి గేటు దాటగానే చేయి సిగరెట్ వైపు వెళుతోందంటే కారణం ఇదే. నా దగ్గరికి వచ్చేవారిలో పౌచ్ వాడేవారు చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోవడం చూస్తున్నాను. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది కూడా ఈ స్థితే.

ఇక పౌచ్ సంగతి. అది పేరు మారిన ఖైనీ మాత్రం కాదు. ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీలలో పొగాకు ఆకే ఉంటుంది. దానిలోని నైట్రోసమైన్లు అనే రసాయనాలు నోటి క్యాన్సర్‌కు నేరుగా కారణమవుతాయి. పౌచ్‌లో ఆకు ఉండదు. మొక్కల నుంచి తీసిన పీచు పొడి, నికోటిన్ లవణం, తీపి, పుదీనా వంటి రుచులు, క్షారగుణం కోసం సోడియం కార్బొనేట్ వంటి పదార్థం ఒక చిన్న తెల్లని సంచిలో ఉంటాయి. కొన్ని పౌచ్‌లలో నైట్రోసమైన్లు లేశమాత్రంగా కనిపించినా, ఖైనీతో పోలిస్తే ఆ పరిమాణం చాలా తక్కువ. పొగాకుతో నోరు ఎంత దెబ్బతింటుందో ఉత్తరాంధ్ర వారికి ఒకరు చెప్పనక్కరలేదు. నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే మత్స్యకార మహిళల అంగిలిపై వచ్చే తెల్లమచ్చలను, క్యాన్సర్లను విశాఖ వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నారు. మీ భార్యగారి భయం ఆ అనుభవం నుంచి పుట్టినదే అయి ఉంటుంది. ఆమె అనుమానం పూర్తిగా తోసివేయదగినది కూడా కాదు. పౌచ్ పెట్టిన చోట చిగురు ఎర్రబడడం, పుండు పడడం, తెల్లని ముడతలు రావడం కనిపిస్తున్నాయి. ఇరవై, ముప్పై ఏళ్లు వాడితే ఏమవుతుందో చెప్పగల అధ్యయనాలు లేవు, ఎందుకంటే ఈ వస్తువు విస్తృతంగా వాడకంలోకి వచ్చి పదేళ్లకు మించి ఎక్కువ కాలం కాలేదు.

డబ్బాపై రాసిన అంకెను చూసి మోసపోవద్దు. పౌచ్‌లో క్షారగుణం ఎంత ఎక్కువైతే నికోటిన్ చిగురు గుండా అంత త్వరగా రక్తంలోకి దిగుతుంది. అందువల్ల ఒకే 10 మిల్లీగ్రాములని రాసిన రెండు రకాలు శరీరంపై వేర్వేరుగా పనిచేయవచ్చు. గమ్‌లో 2, 4 అని రెండే మోతాదులు ఉంటాయి. పౌచ్‌లు 3 మొదలుకొని 20 మిల్లీగ్రాముల దాకా, కొన్ని అంతకు మించి కూడా అమ్ముతున్నారు. బలమైన రకాలు రక్తంలో నికోటిన్‌ను సిగరెట్ స్థాయికి, కొన్నిసార్లు అంతకంటే పైకి తీసుకువెళతాయి, కాకపోతే సిగరెట్ కంటే నెమ్మదిగా. అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థ 2025 జనవరిలో ఒక కంపెనీకి చెందిన ఇరవై రకాల పౌచ్‌లను అమ్ముకోవడానికి అనుమతించిన మాట వాస్తవమే. అవి 3, 6 మిల్లీగ్రాముల రకాలు. ఆ అనుమతికి అర్థం అవి సురక్షితమని కాదని, పొగ మాన్పించే మందుగా వాటిని ఆమోదించడం లేదని ఆ సంస్థ అప్పుడే స్పష్టంగా చెప్పింది. మన దేశంలో పౌచ్‌కు మందుగా ఆమోదం లేదు. ఆహార పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లోనే ఉంది. ఎవరో తెచ్చిచ్చిన డబ్బాలో నిజంగా ఎంత నికోటిన్ ఉందో పరీక్షించి జవాబుదారీగా నిలబడేవారు ఇక్కడ ఎవరూ లేరు.

నికోటిన్ ఒక్కటే వచ్చినా అది హానిలేనిదని నేను చెప్పలేను, ముఖ్యంగా బీపీ మాత్ర వేసుకునే వారితో. ప్రతి మోతాదుకూ నాడి వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, కొంతసేపు బీపీ పైకి వెళుతుంది. రోజంతా ఏదో ఒకటి పెదవి కింద ఉంటే గుండెకు ఆ ఒత్తిడి నుంచి విశ్రాంతి దొరకదు. మీరు బీపీ చూపించుకునే ముందు కనీసం అరగంట పాటు పౌచ్, గమ్, సిగరెట్ ఏదీ లేకుండా ఉండండి, లేకపోతే వచ్చే అంకెను నమ్మి మాత్ర మార్చడానికి వీలుండదు. పౌచ్ పెట్టుకున్నాక వికారం, నోట్లో నీరూరడం, చల్లని చెమట, గుండె దడ కనిపిస్తే అది నికోటిన్ ఎక్కువైందనడానికి గుర్తు. వెంటనే తీసేసి నోరు పుక్కిలించాలి. గర్భిణులు, ఇరవై ఏళ్ల లోపు పిల్లలు పౌచ్ దగ్గరికి కూడా రాకూడదు. ఎదిగే మెదడుపై నికోటిన్ ప్రభావం పెద్దవారిపై ఉన్నట్టు ఉండదు. ఇంతకాలం పొగే తాగని కుర్రవాళ్లు రుచి కోసం పౌచ్ మొదలుపెడితే వారికి దానివల్ల తగ్గే ప్రమాదమంటూ ఏదీ లేదు, కొత్తగా వచ్చే వ్యసనం తప్ప.

ఇప్పుడు మీరు వదిలేసిన గమ్ దగ్గరికి వద్దాం. గమ్ మీకు పడకపోవడం కాదు, నమిలిన తీరు వల్ల పనిచేయలేదని నా అంచనా. మామూలు చూయింగ్ గమ్‌లాగా ఆపకుండా నమిలితే నికోటిన్ ఒక్కసారిగా బయటికి వచ్చి లాలాజలంతో గొంతు దిగుతుంది. గొంతుకూ కడుపుకూ అది మంట పుట్టిస్తుంది, ఎక్కిళ్లు వస్తాయి, పైగా మింగిన దానిలో ఎక్కువ భాగం వృథా అవుతుంది కనుక సిగరెట్ కోరిక అలాగే ఉంటుంది. గమ్‌లోని నికోటిన్ కడుపు నుంచి కాదు, చెంప లోపలి పొర నుంచి రక్తంలోకి వెళ్లాలి. అందుకు బిళ్లను నెమ్మదిగా, పది పదిహేను సార్లు మాత్రమే నమలండి. నాలుక మీద మిరియపు ఘాటు లాంటిది, చిన్న చిమచిమ తెలియగానే నమలడం ఆపి, గమ్‌ను చెంపకూ చిగురుకూ మధ్య ఆనించి ఉంచండి. ఒకటి రెండు నిమిషాల్లో ఆ ఘాటు తగ్గాక మళ్లీ కొన్నిసార్లు నమిలి, ఈసారి రెండో చెంప వైపు పెట్టండి. ఇలా అరగంట అయ్యేసరికి నమిలినా ఘాటు రాదు, అంటే నికోటిన్ అయిపోయింది. ఎక్కిళ్లు మొదలైతే త్వరగా నములుతున్నారని అర్థం, మానేయనక్కరలేదు, నెమ్మదించండి.

దీనికి తోడు చాలామందికి చెప్పేవారు లేని సంగతి ఒకటుంది. నోట్లో పులుపు ఉంటే చెంప నుంచి నికోటిన్ లోపలికి వెళ్లదు. కాఫీ, కూల్‌డ్రింకు, నిమ్మసోడా, మజ్జిగ, చింతపండు పులుసు కలిపిన అన్నం, ఏదైనా సరే తీసుకున్నాక నోరు పుక్కిలించి పదిహేను నిమిషాలు ఆగి గమ్ వేసుకోవాలి. గమ్ నోట్లో ఉన్నంతసేపు నీళ్లు తప్ప ఏదీ తాగకూడదు. టీ, గమ్ ఒకేసారి తీసుకుని ఇది పనిచేయడం లేదనే వారు ఎందరో. నైట్ షిఫ్టులో క్యాంటీన్ టీ తాగే అలవాటు మీకు ఉంటే ముందు టీ, ఆ తర్వాత కాస్త ఆగి గమ్ అనే వరుస పెట్టుకోండి.

మోతాదు కూడా మీకు చాలలేదేమో. 2 మిల్లీగ్రాముల గమ్ నుంచి సుమారు ఒక మిల్లీగ్రాము, 4 మిల్లీగ్రాముల దాని నుంచి సుమారు రెండు శరీరానికి అందుతాయి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావలసిన వారికి 4 మిల్లీగ్రాముల గమ్ సూచిస్తాము, మీరు ఆ వర్గంలోకే వస్తారు. మన దగ్గర 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండా దొరుకుతుంది గానీ, 4 మిల్లీగ్రాములది డాక్టరు చీటీతో తీసుకోవలసిన మందు. మీ విషయంలో ఆ షరతు మేలే చేస్తుంది, ఎందుకంటే బీపీ, గుండెల్లో మంట రెండూ ఉన్న మిమ్మల్ని ఒకసారి డాక్టరు చూడడం అవసరం. కడుపులో పుండు ఉన్నా, రెండు వారాల లోపు గుండెపోటు వచ్చి ఉన్నా, గుండె లయ తప్పుతున్నా, నడిస్తే వచ్చే ఛాతీ నొప్పి ఈమధ్య ఎక్కువవుతున్నా గమ్ సొంతంగా మొదలుపెట్టకూడదు. ఇవేవీ లేని సాధారణ గుండె రోగులకు గమ్, చర్మంపై అంటించే నికోటిన్ ప్యాచ్ వల్ల గుండెపోటు పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు. పొగ కొనసాగించడమే వారికి పెద్ద ప్రమాదం.

ఇక మీరు నడవవలసిన దారి ఇలా ఉంటే మంచిదని నా అభిప్రాయం. నైట్ షిఫ్టులు ముగిసి వారపు సెలవు వచ్చే రోజును ఎంచుకుని, ఆ ఉదయం నుంచి సిగరెట్లను సున్నా చేయండి. ముందు పౌచ్‌లను వదిలితే సిగరెట్లు మళ్లీ పద్నాలుగుకు ఎగబాకుతాయి కనుక వరుస తిరగేయకండి, పోవలసినది ముందు సిగరెట్. లేచి నోరు కడుక్కోగానే, టీకి ముందే, మొదటి గమ్ వేసుకోండి. మొదటి ఆరు వారాలు మెలకువగా ఉన్న వేళల్లో గంటకో రెండు గంటలకో ఒకటి, కోరిక వచ్చేదాకా ఆగకుండా గడియారాన్ని బట్టి తీసుకోవాలి. రోజుకు రెండు మూడు మాత్రమే నమిలి గమ్ ఫలించలేదనుకోవడం చాలామంది విషయంలో జరిగేది, మొదట్లో కనీసం తొమ్మిది పట్టవచ్చు. ఏడో వారం నుంచి తొమ్మిదో వారం దాకా రెండు నుంచి నాలుగు గంటలకు ఒకటి, పది నుంచి పన్నెండో వారం దాకా నాలుగు నుంచి ఎనిమిది గంటలకు ఒకటి, ఆ తర్వాత ఆపేయడం. డ్యూటీలోని ఆరు పౌచ్‌లను కూడా ఇదే గమ్‌తో, కొద్ది రోజులకొకటి చొప్పున మార్చుకుంటూ రెండు మూడు వారాల్లో ముగించండి. పౌచ్ తీసిన వెంటనే గమ్ వేయకండి, ఒక గంట ఎడం ఉండాలి. పౌచ్‌కు ఇలా తగ్గించుకుంటూ పోయే వరుస ఏదీ డబ్బాపై ఉండదు, తగ్గించమని చెప్పేవారూ ఉండరు. గమ్‌కూ దానికీ నేను చూసే అతి పెద్ద తేడా అదే.

గమ్ సరిగ్గా నమిలినా గుండెల్లో మంట తగ్గకపోతే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి. భుజం మీదో వీపు మీదో అంటించే ఆ పట్టీ నికోటిన్‌ను చర్మం గుండా రోజంతా సమంగా ఇస్తుంది, కడుపుతో పని ఉండదు. ప్యాచ్ వేసుకుని, బలమైన కోరిక వచ్చినప్పుడు మాత్రం 2 మిల్లీగ్రాముల గమ్ ఒకటి వాడడం, రెండింటిలో ఏ ఒక్కదాన్ని వాడడం కంటే ఎక్కువ ఫలితం ఇస్తుందని పరీక్షల్లో రుజువైంది. నికోటిన్ లేని మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టరు నిర్ణయించవలసినవి.

మానిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. ఆ రోజుల్లో టీ, కాఫీలు సగానికి తగ్గించండి. సిగరెట్ పొగలోని రసాయనాలు కాలేయాన్ని ప్రేరేపించి కెఫీన్‌ను త్వరగా వదిలించేస్తుంటాయి. పొగ ఆగగానే ఆ వేగం తగ్గి, ఎప్పటిలాగే తాగిన టీ కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. చేతుల వణుకు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం గమ్ వల్లేననుకుని గమ్ ఆపేసేవారిలో కొందరికి అసలు కారణం టీయే. కొన్ని మందుల మోతాదు కూడా ఇదే కారణంగా మార్చవలసి వస్తుంది కనుక, మీ డాక్టరుకు ఏ తేదీన పొగ మానుతున్నారో ముందే చెప్పండి.

పన్నెండు వారాలు దాటినా గమ్ వదలలేకపోతే భయపడి సిగరెట్ వైపు వెళ్లకండి. కొందరు ఏడాది దాకా వాడతారు. అది కోరదగినది కాకపోయినా పొగకు తిరిగి వెళ్లడం కంటే ఎంతో నయం.

విశాఖలో కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, మీకు అలవాటైన డాక్టరు దగ్గర గాని బీపీ, ఈసీజీ చూపించుకుని ఈ పని మొదలుపెట్టండి, వెళ్లేటప్పుడు ఆ పౌచ్ డబ్బా కూడా చూపించండి. పౌచ్ పెట్టే చోట చిగురును, అంగిలిని దంతవైద్యుడికి ఒకసారి చూపించండి. రెండు మూడు వారాలకు మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఏది ఉన్నా ఆలస్యం చేయవద్దు. మధ్యలో కోరికకు తట్టుకోలేకపోతే జాతీయ పొగాకు విరమణ సహాయ లైను 1800 11 2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఇంకొక మాట, వాడి పారేసిన పౌచ్‌లో కూడా సగం నికోటిన్ మిగిలే ఉంటుంది. పుదీనా వాసన, తీపి ఉన్న ఆ తెల్లని సంచిని పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే వాంతులు, మగత, తీవ్రమైతే ఫిట్స్ వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బాను, గమ్ అట్టలను అందని ఎత్తులో ఉంచి, వాడిన వాటిని మూత ఉన్న చెత్తబుట్టలోనే వేయండి. ఒకవేళ పిల్లలు మింగారని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.